Y ని వదిలేసినా వెలుతురు వదలదు

మొన్న ఒక బీటెక్ ఫైనలియర్ కుర్రాడు అడిగాడు: "సార్, చెయ్యిని గుర్తుపట్టే ప్రాజెక్టు చేశాం. ల్యాబ్‌లో బాగా పనిచేస్తోంది. రాత్రి హాస్టల్ గదిలో నా వేళ్లు సగం మాయమవుతున్నాయి, నాకంటే నల్లగా ఉండే మా ఫ్రెండ్ చెయ్యి అసలు రావట్లేదు. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చలేదు." కోడ్ పంపమన్నాను. అసలు పని చేసేవి, అంటే చర్మం రంగు హద్దుల్లో ఉన్న పిక్సెళ్లని తెలుపు, మిగతావాటిని నలుపు చేసి మాస్క్ తయారుచేసేవి, ఈ రెండు లైన్లే:

```python
ycc = cv2.cvtColor(img, cv2.COLOR_BGR2YCrCb)
mask = cv2.inRange(ycc, (0, 133, 77), (255, 173, 127))
```

ఈ అంకెలు చాలామందికి తెలిసినవే. వీడియోఫోన్‌లో ముఖాన్ని వేరుచేయడానికి డగ్లస్ చాయ్, కింగ్ ఎన్‌గాన్ 1999లో రాసిన పేపర్‌లో ఉన్నాయి: Cr 133 నుంచి 173, Cb 77 నుంచి 127. Y కి హద్దే లేదు, 0 నుంచి 255 దాకా ఏదైనా ఫర్వాలేదు. ఎందుకంటే క్లాసులో మనకి చెప్పేది ఇదీ: Y అంటే వెలుతురు, Cb, Cr అంటే రంగు, కాబట్టి Y ని వదిలేస్తే వెలుతురు గొడవ వదిలిపోతుంది, ఒంటి ఛాయల్లో తేడా కూడా ఎక్కువగా Y లోనే ఉంటుంది. వినడానికి ఎంత బాగుందో! నేనూ చాలాకాలం నమ్మాను. కానీ ఫార్ములా ఒకసారి చేత్తో వేసి చూస్తే ఈ మాట నిలబడదు.

```
Y  = 0.299 R + 0.587 G + 0.114 B
Cr = 0.713 (R - Y) + 128
Cb = 0.564 (B - Y) + 128
```

Cr లో ఉన్నది తీసివేత. భాగహారం కాదు. మొత్తం కథ ఇక్కడే ఉంది. వెలుతురు తగ్గినప్పుడు R, G, B మూడూ ఒకే నిష్పత్తిలో తగ్గాయనుకుందాం, అప్పుడు R కీ Y కీ మధ్య తేడా కూడా అదే నిష్పత్తిలో తగ్గిపోతుంది, Cr మెల్లగా 128 వైపు జారుతుంది. 128 అంటే ఏ రంగూ లేని బూడిద. మన కింది హద్దు 133, అంటే దానికి అయిదంటే అయిదు అంకెల దూరం.

ఆ కుర్రాడి చెయ్యి ల్యాబ్‌లో R 200, G 150, B 125 అనుకోండి. Y 162 వస్తుంది, Cr 155. హద్దుల మధ్యలో హాయిగా ఉంది. పిక్సెల్ అంకెలు సగమైతే (100, 75, 62) Cr దాదాపు 142. మళ్లీ సగమైతే (50, 37, 31) 135. ఇది హాస్టల్ గది. ఇంకా లోపలే ఉంది కానీ అంచు మీద ఉంది, వేళ్ల పక్కన కాస్త నీడ పడినా, కెమెరా నాయిస్ కొంచెం ఊగినా అక్కడి పిక్సెళ్లు బయటికి పోతాయి. వేళ్లు సగం మాయమైంది ఇందుకే.

ఇప్పుడు ఫ్రెండ్ చెయ్యి. నల్లటి చర్మం తక్కువ వెలుతురును వెనక్కి పంపుతుంది కాబట్టి మంచి వెలుతురులోనే అది ఇంచుమించు 100, 75, 62 దగ్గర మొదలవుతుంది. అంటే ఒకరి ఛాయ, ఇంకొకరి చీకటి, ఈ ఫార్ములాకి రెండూ ఒకటే! అదే గదిలోకి వెళ్తే ఆ అంకెలు నాలుగో వంతై 25, 19, 16 అవుతాయి, Cr 132 కూడా దాటదు. మాస్క్‌లో చెయ్యి మొత్తం నలుపు. కోడ్‌లో తప్పేం లేదు, ఆ హద్దే తెల్లటి ఛాయకి ఎక్కువ చోటు, నల్లటి ఛాయకి తక్కువ చోటు ఇస్తోంది. పరీక్షించేవాళ్లంతా ఒకే ఛాయ వాళ్లయితే ఇది ఎప్పటికీ బయటపడదు, నాకు బాధ కలిగించేది అదే.

వెలుతురు తగ్గడం ఒక్కటే కాదు, దాని రంగు మారినా ఇంతే. పసుపు బల్బు కింద కెమెరా వైట్ బ్యాలెన్స్ సరిచేయకపోతే మొదటి చెయ్యే 240, 150, 75 కావచ్చు. అప్పుడు Cr 179, Cb 75, రెండూ హద్దు దాటేశాయి, ఈసారి అవతలి వైపు నుంచి.

మరి హద్దు 133 నుంచి 130కి దించితే? ఫ్రెండ్ చెయ్యి వస్తుంది, దాంతోపాటు గదిలో బూడిదరంగుకి దగ్గరగా ఉన్న నీడలన్నీ వస్తాయి. Y ని బట్టి హద్దులు మారాలి, లేదా తీసివేత మానేసి R/(R+G+B) లాంటి నిష్పత్తి వాడాలి. పైన 200, 150, 125 కి ఆ నిష్పత్తి 0.42, 25, 19, 16 కి కూడా 0.42. చూశారా, చీకటి ప్రభావం పోయింది. కాకపోతే అంత చిన్న అంకెల్లో రెండు అంకెల నాయిస్ కూడా నిష్పత్తిని బాగా ఊపేస్తుంది, పసుపు బల్బు సమస్య అలాగే ఉంటుంది.

ఆ కుర్రాడికి నేను చెప్పింది ఇది: ముందు మాస్క్ చూడకు, చెయ్యి ఉన్న చోట Cr అంకెల హిస్టోగ్రామ్ గీసి చూడు, గుట్ట 133కి ఆనుకుని ఉంటే నీ హద్దు ఇప్పటికే కోస్తోందన్నమాట. తర్వాత ప్రోగ్రామ్ మొదలవగానే స్క్రీన్ మీద ఒక చిన్న డబ్బా చూపించి, ఎవరు వాడితే వాళ్ల అరచెయ్యి అందులో పెట్టమను, ఆ గదిలో ఆ చెయ్యి అంకెల నుంచే హద్దులు తీసుకో. లైటు మారితే మళ్లీ తీసుకోవాలి.

వారం తర్వాత ఫోన్ చేశాడు. ఇద్దరి చేతులూ వస్తున్నాయట, కానీ వెనకున్న టేకు తలుపు కూడా వస్తోందట. 150, 105, 75 ఉన్న చెక్కకి లెక్క వేయించాను: Cr 153, Cb 105. వాడి చెయ్యి 155, 107. ఇంత దగ్గరగా ఉన్న Cr, Cb అంకెలు మాత్రమే చూసి ఆ రెంటినీ నమ్మకంగా విడదీయలేం, అక్కడ ఆకారమో కదలికో చూడాల్సిందే.