x³ చాపం పొడవు: సూత్రం సులువు, ఇంటిగ్రల్ మొండిది - అపోహలు, వాస్తవాలు

y = x² చాపం పొడవు కాగితం మీద తేలిపోతుంది. పక్కనే ఉన్న y = x³ దగ్గరికి వస్తే అదే సూత్రం, అదే 0 నుంచి 1 వరకు హద్దులు, కానీ పని ముందుకు సాగదు. మనకు పద్ధతి రాకనా, లెక్కే అలాంటిదా? ఈ x³ నే పట్టుకుని చూద్దాం.

అపోహ: చాపాన్ని చిన్న ముక్కలు చేసి అడ్డం, నిలువు దూరాలు కలిపినా పొడవు వచ్చేస్తుంది.

రాదు. x³ వక్రం (0,0) నుంచి (1,1) దాకా వెళ్తుంది. అడ్డంగా కొంత, నిలువుగా కొంత అంటూ మెట్లలా వెళ్తే, మెట్లు ఎంత చిన్నవైనా మొత్తం ఎప్పుడూ 1 + 1 = 2 దగ్గరే ఆగుతుంది. మెట్లు వక్రానికి దగ్గరవుతాయి గానీ వాటి వాలు వక్రం వాలుకు దగ్గరవదు. అందుకే మెట్లు కాకుండా జ్యాలు తీసుకోవాలి. ఒక ముక్కలో జ్యా పొడవు √(Δx² + Δy²). మధ్యమ మూల్య సిద్ధాంతం ప్రకారం ఆ ముక్కలో ఎక్కడో ఒక c దగ్గర Δy = f′(c)Δx అవుతుంది. Δx బయటికి తీస్తే √(1 + f′(c)²)·Δx మిగులుతుంది. ముక్కలు కలిపి లిమిట్ తీసుకుంటే

L = ∫ √(1 + (y′)²) dx

x³ కి y′ = 3x². కాబట్టి L = ∫₀¹ √(1 + 9x⁴) dx. వర్గం చేయాల్సింది y ని కాదు, y′ ని. ఇక్కడ √(1 + x⁶) అని రాసేవాళ్లు తక్కువేం కాదు.

అపోహ: √(1 + 9x⁴) అంటే 1 + 3x².

కూడిక మీద ఉన్న వర్గమూలాన్ని విడదీసి పంచడం కుదరదని అందరికీ తెలుసు, అయినా తొందరలో చేయి అటే పోతుంది. ఈ తప్పు ఎంత దూరం తీసుకెళ్తుందో చూడండి: ∫₀¹ (1 + 3x²) dx = 2. సరిగ్గా పైన మెట్ల లెక్కలో వచ్చిన సంఖ్యే. ఇది యాదృచ్ఛికం కాదు. వర్గమూలాన్ని విడదీయడమంటే అడ్డం దూరాన్నీ నిలువు దూరాన్నీ నేరుగా కూడడమే. ఇలా ఎక్కుతూ పోయే వక్రానికి అసలు పొడవు, రెండు కొనలను కలిపే సరళరేఖ √2 ≈ 1.414 కీ, ఈ 2 కీ మధ్యనే ఉండి తీరాలి. ఏ సమాధానం వచ్చినా ముందు ఈ రెండు హద్దులతో సరిచూసుకోండి.

అపోహ: తగిన ప్రతిక్షేపణ దొరికితే ఏ చాపమైనా తేలిపోతుంది.

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. x² కి ఇంటిగ్రాండ్ √(1 + 4x²). 2x = tan θ పెడితే dx = ½ sec²θ dθ, లోపలంతా ½ sec³θ గా మారిపోతుంది, ఫలితం √5/2 + ¼ ln(2 + √5) ≈ 1.4789. అదే ఎత్తు x³ మీద వేద్దాం: 3x² = tan θ. వర్గమూలం చక్కగా sec θ అయింది. కానీ 6x dx = sec²θ dθ కాబట్టి dx లో హారంలో x మిగిలింది, ఆ x = √(tan θ / 3). చివరికి చేతిలో ఉన్నది sec³θ / (2√3·√tan θ). ఒక వర్గమూలం పోయి ఇంకొకటి వచ్చింది.

లోపం వర్గమూలం ముందు తగిన x ఘాతం లేకపోవడంలోనే ఉంది. ∫ x³√(1 + 9x⁴) dx అడిగితే u = 1 + 9x⁴ తో రెండు లైన్లలో తేలుతుంది. విచిత్రం ఏమిటంటే, ఇదే వక్రాన్ని x అక్షం చుట్టూ తిప్పితే వచ్చే ఉపరితల వైశాల్యంలో సరిగ్గా ఆ x³ ముందు వచ్చి చేరుతుంది. వైశాల్యం π(10√10 − 1)/27 అని శుభ్రంగా వస్తుంది. వైశాల్యం తేలిపోయి, పొడవు మాత్రం మొండికేస్తుంది!

ఇది మన తెలివితక్కువతనం కాదని రుజువు ఉంది. xᵐ(a + bxⁿ)ᵖ రూపంలో m, n, p అకరణీయ సంఖ్యలైతే, p, (m+1)/n, (m+1)/n + p ఈ మూడింటిలో కనీసం ఒకటి పూర్ణాంకమైనప్పుడే దాని యాంటీడెరివేటివ్‌ను మామూలు ఫంక్షన్లతో రాయగలమని రష్యన్ గణితవేత్త చెబిషెవ్ 1853లో చూపాడు. మన దగ్గర m = 0, n = 4, p = ½. మూడు సంఖ్యలూ ½, ¼, ¾. ఒక్కటీ పూర్ణాంకం కాదు. ఇక వెతకడం దండగ.

y = xᵏ అన్నిటికీ ఇదే పరీక్ష పెడితే ముచ్చటైన నియమం వస్తుంది: k = 1 కానప్పుడు, 1/(k − 1) పూర్ణాంకమైతేనే చాపం పొడవు తేలుతుంది. k = 2, 3/2, 4/3 పాస్. k = 1/2, 2/3 కూడా పాస్, ఎందుకంటే అవి పై వక్రాల్లో x, y లు తారుమారైనవే. k = 3, 4, −1 ఫెయిల్. అంటే పూర్ణాంక ఘాతాల్లో సరళరేఖలు కానివాటిలో గట్టెక్కేది ఒక్క పారాబోలానే.

అపోహ: పుస్తకంలో లెక్కలన్నీ తేలుతున్నాయి కాబట్టి సాధారణంగా తేలుతాయి.

ఆ లెక్కలు తేలేలా తయారు చేసినవి. ఏదో ఒక g తీసుకుని y′ = ½(g − 1/g) అని పెడితే 1 + (y′)² కచ్చితంగా ½(g + 1/g) కి వర్గమవుతుంది, వర్గమూలం మాయం. g = x² తో y = x³/6 + 1/(2x) వస్తుంది; 1 నుంచి 2 వరకు దాని పొడవు 17/12. ఇలాంటి ప్రశ్నల్లో రెండు పదాల మధ్య గుర్తు మార్చడమే పని. ఒక గుణకం కాస్త మారిస్తే చాలు, పరిపూర్ణ వర్గం చెదిరిపోతుంది.

అపోహ: యాంటీడెరివేటివ్ లేదంటే పొడవు కూడా లేనట్టే.

√(1 + 9x⁴) అవిచ్ఛిన్నం, కాబట్టి యాంటీడెరివేటివ్ ఉంది. 0 నుంచి x వరకు ఇంటిగ్రలే ఆ ఫంక్షన్. దాన్ని ఘాతాలు, లాగ్‌లు, త్రికోణమితితో రాయలేం, అంతే. లోపల పునరావృత మూలాలు లేని నాలుగో డిగ్రీ బహుపది ఉంది కాబట్టి ఇది దీర్ఘవృత్తీయ ఇంటిగ్రల్ కోవలోకి వస్తుంది.

సంఖ్య కావాలంటే సింప్సన్ నియమం చాలు. నాలుగు భాగాలు చేస్తే x = 0, 0.25, 0.5, 0.75, 1 దగ్గర విలువలు 1, 1.0174, 1.25, 1.9615, 3.1623. 1, 4, 2, 4, 1 తో గుణించి కూడి, 12 తో భాగిస్తే 1.5482. ఎనిమిది భాగాలు చేస్తే 1.5479. మూడు దశాంశాలకు సవరిస్తే రెండూ 1.548 అవుతాయి, √2 కీ 2 కీ మధ్యనే ఉంది, నమ్మొచ్చు.

ఒక్క జాగ్రత్త. ఇదే వక్రాన్ని x = ∛y గా మార్చి y తో ఇంటిగ్రేట్ చేస్తే పొడవు మారదు, కానీ dx/dy = ⅓y^(−2/3). అది y = 0 దగ్గర అనంతమవుతుంది, సింప్సన్ మొదటి విలువ దగ్గరే ఆగిపోతుంది. సున్నాను తప్పించి 0.0001 నుంచి మొదలుపెట్టడం కన్నా, టాంజెంట్ నిలువుగా లేని వైపు నుంచి, అంటే x తోనే రాసుకోవడం మేలు.