విలోమ ప్రమేయం అవకలజం: విలోమాన్ని కనుక్కోకుండానే

కలనగణితం చెప్పేటప్పుడు ప్రతి బ్యాచ్‌కీ ఈ లెక్క ఇస్తాను.

f(x) = x⁵ + 3x + 2 అయితే (f⁻¹)′(6) ఎంత?

రెండు నిమిషాల లెక్క ఇది. అయినా క్లాసులో సగం మంది అరగంట కుస్తీ పడతారు, ఇంకొందరు రెండే నిమిషాల్లో తప్పు జవాబు రాసిస్తారు. ఇద్దరి ఇబ్బందికీ వెనక కొన్ని అపోహలున్నాయి. ఏళ్ల తరబడి నోట్‌బుక్కులు దిద్దుతూ నేను ఎక్కువసార్లు చూసినవి ఇవి.

అపోహ: ముందు f⁻¹ కి సూత్రం కనుక్కోవాలి, ఆ తర్వాతే అవకలనం.

అరగంట కుస్తీ పట్టేది ఈ నమ్మకం ఉన్నవాళ్లే. y = x⁵ + 3x + 2 అని రాసుకుని, x ని ఒక పక్కకు తెద్దామని చూస్తారు. రాదు. ఇది వాళ్ల చేతకానితనం కాదు. అయిదో ఘాత సమీకరణాలన్నిటికీ పనికొచ్చేలా మూలచిహ్నాలతో సూత్రం రాయడం అసాధ్యమని ఆబెల్ 1824లోనే నిరూపించాడు. మన f కి కూడా అలాంటి విలోమ సూత్రం లేదు. అంటే ఈ దారిలో ఎంత దూరం నడిచినా గమ్యం రాదు.

అయితే సూత్రం లేకపోవడం వేరు, విలోమం లేకపోవడం వేరు. f′(x) = 5x⁴ + 3. ఇది ఎప్పుడూ 3 కన్నా తగ్గదు. కాబట్టి f ఎక్కడా ఆగకుండా, వెనక్కి తిరగకుండా పెరుగుతూనే పోతుంది. ఏ రెండు x లకూ ఒకే విలువ రాదు, ప్రతి y కీ ఒక x ఉంటుంది. విలోమం ఉంది, దాన్ని రాసే సూత్రమే లేదు.

వాస్తవం: మనకు కావలసింది f⁻¹ మొత్తం కాదు. ఒకే ఒక్క బిందువు దగ్గర దాని విలువ చాలు. విలోమం అంటే అర్థమే f(f⁻¹(y)) = y. రెండు వైపులా y పరంగా అవకలనం చేస్తే, ఎడమ పక్క చైన్ రూల్ వల్ల ఇలా వస్తుంది:

f′(f⁻¹(y)) · (f⁻¹)′(y) = 1

అంటే

(f⁻¹)′(y) = 1 / f′(f⁻¹(y))

ఇక మన లెక్క. f ఏ x దగ్గర 6 అవుతుంది? x⁵ + 3x + 2 = 6 లో 1 పెట్టి చూస్తే 1 + 3 + 2 = 6. సరిపోయింది, f⁻¹(6) = 1. f′(1) = 5 + 3 = 8. జవాబు 1/8.

అపోహ: 6 దగ్గర అడిగారు కాబట్టి f′ లో 6 పెట్టి తిరగేయాలి.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఇదే, అందుకే దీని దగ్గర కాస్త ఆగుతాను. నోట్‌బుక్‌లో ఇది ఎలా కనిపిస్తుందంటే: f′(x) = 5x⁴ + 3 అని చక్కగా రాస్తారు. కింద f′(6) = 5 × 1296 + 3 = 6483. దాని కింద 1/6483, చుట్టూ ఒక గడి. గుణకారంలో తప్పు లేదు, అవకలనంలో తప్పు లేదు. జవాబు మాత్రం అసలు జవాబులో ఎనిమిది వందో వంతు.

ఈ తప్పుకు బీజం dx/dy = 1/(dy/dx) అనే రాతలో ఉందని నా అభిప్రాయం. చూడ్డానికి భిన్నాన్ని తిరగేసినట్టు ఎంతో సులువుగా ఉంటుంది, గుర్తుండిపోతుంది. కానీ ఏ అవకలజాన్ని ఏ బిందువు దగ్గర తీసుకోవాలో ఆ రాతలో ఎక్కడా కనిపించదు. ఎడమ పక్కది y = 6 దగ్గర, కుడి పక్కది x = 1 దగ్గర. రెండు వేర్వేరు సంఖ్యలు, ఒకే జంట. ఆ రాతను వాడొద్దని అనను, పక్కన (1, 6) అని జంటను రాసుకోకుండా మాత్రం వాడొద్దంటాను.

x ని గంటలు అనుకోండి, y ని ట్యాంకులో చేరిన లీటర్లు అనుకోండి. f కి గంటలు ఇస్తే లీటర్లు చెబుతుంది. f′ కీ గంటలే ఇవ్వాలి, అది గంటకు ఎన్ని లీటర్లో చెబుతుంది. f⁻¹ కి లీటర్లు ఇస్తే గంటలు చెబుతుంది. ప్రశ్నలో ఉన్న 6 లీటర్లది. దాన్ని f′ లో పెట్టడమంటే లీటర్లను గంటల చోట పెట్టడం. ముందు 6 లీటర్లు చేరేది ఏ గంటకో కనుక్కోవాలి: 1. ఆ సమయాన ధార గంటకు 8 లీటర్లు. అలాంటప్పుడు లీటరుకు పట్టేది గంటలో 1/8 వంతు. ఇలా చెప్పాక క్లాసులో ఆ 6483 మళ్లీ కనిపించడం బాగా తగ్గింది.

గ్రాఫ్ గీసినా ఇదే కనిపిస్తుంది. f మీద (1, 6) ఉంటే, y = x గీతలో ప్రతిబింబంగా f⁻¹ మీద (6, 1) ఉంటుంది. మొదటి బిందువు దగ్గర స్పర్శరేఖ 1 అడ్డంగా జరిగితే 8 పైకి ఎక్కుతుంది. ప్రతిబింబంలో అడ్డం నిలువు అవుతుంది, నిలువు అడ్డం అవుతుంది. 8 అడ్డంగా జరిగితే 1 ఎక్కుతుంది.

అనుమానం ఉంటే సంఖ్యలతోనే సరిచూసుకోవచ్చు. x ని 1 నుంచి 1.001 కి జరపండి. f(1.001) విలువ సుమారు 6.00801. y లో మార్పు 0.00801, x లో మార్పు 0.001. భాగిస్తే 0.1248. 1/8 అంటే 0.125. ఇంత దగ్గరగా వచ్చాక 1/6483 కి చోటే లేదు.

అపోహ: f⁻¹ అంటే 1/f, కాబట్టి భాగహార సూత్రం వాడాలి.

ఇక్కడ −1 ఘాతం కాదు, గుర్తు మాత్రమే. f⁻¹(6) = 1 అయితే, 1/f(6) అనేది 1/7796. రెంటికీ సంబంధం లేదు.

అపోహ: విలోమం ఉంటే చాలు, దాని అవకలజం అన్ని చోట్లా ఉంటుంది.

సూత్రంలో f′ హారంలో ఉంది. అది సున్నా అయితే ఏం జరుగుతుంది? g(x) = x³ తీసుకోండి. ఇదీ పెరుగుతూనే పోయే ప్రమేయం, విలోమం నిక్షేపంగా ఉంది, అది ఘనమూలం. కానీ g′(0) = 0. ఇప్పుడు విలోమం 0 దగ్గర ఎలా నడుస్తుందో చూడండి. y = 0.001 కి ఘనమూలం 0.1, నిష్పత్తి 100. y = 0.000001 కి ఘనమూలం 0.01, నిష్పత్తి 10000. y సున్నాకు చేరువయ్యే కొద్దీ నిష్పత్తి ఎక్కడా నిలబడదు. గ్రాఫ్ మీద ఆ బిందువు దగ్గర స్పర్శరేఖ నిట్టనిలువుగా ఉంటుంది, దానికి వాలు విలువ లేదు.

చైన్ రూల్‌తో ఇంకా తొందరగా తేలుతుంది. అక్కడ విలోమానికి అవకలజం ఉందనుకుంటే, పైన రాసిన సమీకరణం 0 × ఏదో సంఖ్య = 1 అవుతుంది. అది కుదరదు.

వాస్తవం: f ఒక అంతరంలో అవిచ్ఛిన్నమై, అన్వేకమై, లోపలి బిందువు a దగ్గర f′(a) ఉండి అది సున్నా కాకపోతే, f(a) దగ్గర విలోమానికి అవకలజం తప్పకుండా ఉంటుంది. అందుకే f′(a) లెక్కగట్టగానే ఒక్క క్షణం ఆగి అది సున్నా కాదని చూసుకోమంటాను. సున్నా అయితే "1/0" అని రాయకూడదు, ఆ బిందువు దగ్గర అవకలజం లేదని రాయాలి.

అపోహ: y ఇస్తే x దొరికినట్టే, ఏ x అయినా పర్వాలేదు.

h(x) = x³ − 3x, y = 0 దగ్గర విలోమం అవకలజం అడిగారనుకోండి. x³ − 3x = 0 కి మూడు మూలాలు: 0, √3, −√3. h′(x) = 3x² − 3. 0 దగ్గర అది −3, మిగతా రెండిటి దగ్గర 6. అయితే జవాబు −1/3 నా, 1/6 నా?

ప్రశ్నే అసంపూర్ణంగా ఉంది. h మొత్తానికి విలోమం లేదు. h′ సున్నా అయ్యే x = −1, x = 1 దగ్గర అది మలుపు తిరుగుతుంది, ఆ మలుపుల దగ్గర కోస్తే వచ్చే ప్రతి ముక్కకూ వేరే విలోమం ఉంటుంది. x ≥ 1 ముక్క తీసుకుంటే √3 వస్తుంది, జవాబు 1/6. మధ్య ముక్క −1 ≤ x ≤ 1 తీసుకుంటే 0 వస్తుంది, జవాబు −1/3. ప్రశ్నలో "x ≥ 1" అని చివర్లో చిన్నగా రాసి ఉంటుంది, చాలామంది దాన్ని చదవరు. మూలం ఏది తీసుకోవాలో చెప్పేది అదొక్కటే.

అపోహ: x ఊహకు తట్టకపోతే ఈ పద్ధతి పనికిరాదు.

పరీక్షల్లో 6 లాంటి అనుకూలమైన సంఖ్యలే ఇస్తారు కాబట్టి ఈ భ్రమ కలుగుతుంది. మొదటి f తోనే (f⁻¹)′(10) అడిగితే? x⁵ + 3x + 2 = 10 కి చక్కటి మూలం కనబడదు. న్యూటన్ పద్ధతి వాడదాం.

1.3 తో మొదలుపెడితే f(1.3) = 9.613, ఇంకా 0.387 తక్కువ. f′(1.3) = 17.28. 0.387 ని 17.28 తో భాగిస్తే 0.0224, కాబట్టి కొత్త x 1.3224. అక్కడ f విలువ 10.011, కాస్త ఎక్కువైంది. ఆ 0.011 ని అక్కడి వాలు 18.29 తో భాగించి తీసేస్తే 1.3218. చాలు. f′(1.3218) సుమారు 18.26, జవాబు సుమారు 0.0548.

ఇందులో నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. y లో తక్కువైన 0.387 ని x లో ఎంత జరపాలో తేల్చడానికి మనం దాన్ని 1/f′ తో గుణించాం. ఆ 1/f′ విలోమం అవకలజమే. అంటే f⁻¹(10) ని వెతికే ప్రతి అడుగులోనూ మనం అడిగిన జవాబుకు దగ్గరి సంఖ్యనే వాడుతూ వచ్చాం.

ఈ 0.0548 నమ్మదగినదేనా అని చూసుకోవడానికి ఒక దారి ఉంది. y 6 నుంచి 10 కి వెళ్లేసరికి x 1 నుంచి 1.3218 కి చేరింది. సగటు వాలు 0.3218/4, అంటే 0.080. ఈ పరిధిలో f′ పెరుగుతూ పోతుంది కాబట్టి విలోమం వాలు తగ్గుతూ రావాలి, సగటు ఆ రెండు చివరల విలువల మధ్యే ఉండాలి. 0.125 కీ 0.0548 కీ మధ్యనే ఉంది.