గడువు దాటిన విండోస్‌కు డబ్బు కట్టి అప్‌డేట్లు: ఈ పద్ధతి ఎలా వచ్చింది, చిన్న ఆఫీసుకు ఎంతవరకు పనికొస్తుంది

2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్ట్ ముగిసింది. మర్నాడు కూడా కంప్యూటర్లు మామూలుగానే ఆన్ అయ్యాయి, బిల్లులు ప్రింట్ అయ్యాయి. ఆగిపోయింది కంటికి కనిపించేది కాదు: ప్రతి నెలా రెండో మంగళవారం వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు. అవి ఇంకా కావాలంటే డబ్బు కట్టాలి. ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్, పొట్టిగా ఈఎస్‌యూ, అంటే అదే.

ఈ ఏర్పాటు మొదట్లో పెద్దవాళ్లకే అందేది. 2014 ఏప్రిల్ 8న విండోస్ ఎక్స్‌పీ గడువు తీరినప్పుడు, మైక్రోసాఫ్ట్ పెద్ద సంస్థలతో విడివిడిగా ఒప్పందాలు చేసుకుంది. ఒక్క ఏడాదికే బ్రిటన్ ప్రభుత్వం దాదాపు 55 లక్షల పౌండ్లు కట్టింది. పది కంప్యూటర్ల ఆఫీసుకు ఆ దారి లేదు.

2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వనాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చింది. అప్పటికే సపోర్ట్ లేని ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ హడావిడిగా ఉచిత ప్యాచ్ ఇచ్చింది. అందుకే చాలామంది ఆ నష్టమంతా ఎక్స్‌పీ వల్లే అనుకుంటారు. నిజానికి ఎక్కువగా దెబ్బతిన్నవి విండోస్ 7 యంత్రాలు. వాటికి సపోర్ట్ ఉంది, ప్యాచ్ రెండు నెలల ముందే, మార్చిలో వచ్చింది. ఎక్కించుకోలేదు, అంతే. డబ్బు కట్టే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ఎందుకో కింద చెబుతాను.

2020 జనవరిలో విండోస్ 7 గడువు తీరేసరికి ఈఎస్‌యూ చిన్న వ్యాపారాలకూ దొరికింది. ప్రొఫెషనల్ ఎడిషన్‌కు మొదటి ఏడాది 50 డాలర్లు, తర్వాత 100, తర్వాత 200. విండోస్ 10కూ అదే లెక్క: ఒక్కో కంప్యూటర్‌కు 61, 122, 244 డాలర్లు. ఏటా రెట్టింపు చేయడం కావాలనే చేశారు. ఇది ఉండిపోవడానికి కాదు, ఖాళీ చేయడానికి ఇచ్చిన గడువు. పైగా మొదటి ఏడాది వదిలేసి రెండో ఏడాదిలో చేరితే పాత 61 కూడా కట్టాల్సిందే. ఆగి చూద్దాం అనుకుంటే మిగిలేదేమీ లేదు.

ఇళ్లలో వాడేవాళ్లకు 30 డాలర్ల పథకం వేరే ఉంది, కానీ ఆఫీసు డొమైన్‌లో చేరిన కంప్యూటర్‌కు అది వర్తించదు.

ఎనిమిది కంప్యూటర్లున్న అకౌంట్స్ ఆఫీసు ఒకటి తీసుకుందాం. మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ నడిపితే ఐదు యంత్రాలు విండోస్ 11కు సరిపోయాయి. వాటికి అప్‌గ్రేడ్ ఉచితమే, ఈఎస్‌యూ ఆలోచనే అక్కర్లేదు. మిగిలిన మూడింటిలో ప్రాసెసర్ పాతది. మూడింటికీ మూడేళ్లు కడితే 1,281 డాలర్లు, అంటే ఒక్కోదానికి 427. ఆ డబ్బంతా పోసినా చివరికి చేతిలో మిగిలేది అదే పాత యంత్రం. వాటిలో రెండింటి మీద బ్రౌజర్, ఈమెయిల్ తప్ప వేరే పని లేదు. ఆ రెండూ మార్చేయాల్సినవే. మూడోదానికి పెద్ద స్కానర్ తగిలించి ఉంది, దాని డ్రైవర్ విండోస్ 11లో పని చేయదు. స్కానర్ మార్చేదాకా ఆ ఒక్కదానికి ఒక ఏడాదికి 61 డాలర్లు కట్టడం సబబే. రెండో ఏడాదికి కట్టాల్సి వస్తోందంటే స్కానర్ సంగతి ఎవరూ పట్టించుకోలేదని అర్థం.

డబ్బు కట్టాక ఒక కీ వస్తుంది. అసలు పొరపాటు జరిగేది దాన్ని ఎక్కించే దగ్గర. ముందు `winver` కొట్టి వెర్షన్ 22H2 అని ఉందో లేదో చూడాలి, లేకపోతే అప్‌డేట్లు రావు. తర్వాత అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో:

```
slmgr.vbs /ipk ESU-KEY
slmgr.vbs /ato ACTIVATION-ID
slmgr.vbs /dlv ACTIVATION-ID
```

ESU-KEY ఉన్నచోట మీ కీ, ACTIVATION-ID ఉన్నచోట ఆ ఏడాది ఈఎస్‌యూకు మైక్రోసాఫ్ట్ ప్రకటించిన ఐడీ పెట్టాలి. మొదటి లైను కీని ఎక్కిస్తుంది, రెండోది యాక్టివేట్ చేస్తుంది. చాలామంది మొదటిది చేసి పనైపోయిందనుకుంటారు. యంత్రం ఏమీ గొడవ చేయదు, అప్‌డేట్లు మాత్రం రావు. డబ్బు కట్టీ వనాక్రై నాటి స్థితిలోనే ఉంటాం. కాబట్టి మూడో లైనుతో లైసెన్స్ స్థితి చూసుకుని, తర్వాతి రెండో మంగళవారం దాటాక అప్‌డేట్ హిస్టరీలో ఆ నెల అప్‌డేట్ పడిందో లేదో కళ్లారా చూడాలి. ఏడాది మారితే కొత్త కీ, మళ్లీ ఇవే మెట్లు.

ఈఎస్‌యూ విండోస్‌ను మాత్రమే కాపాడుతుంది. ఆఫీస్ 2016, 2019 సపోర్ట్ కూడా అదే అక్టోబరు 14న పోయింది, వాటికి ఈ 61 డాలర్లతో సంబంధం లేదు. స్కానర్ డ్రైవర్‌లో లోపం బయటపడినా అంతే. అందుకే ఆ యంత్రంలో ఈమెయిల్ తెరవకుండా, స్కానింగ్‌కు మాత్రమే వాడటం మంచిది. స్కాన్ ఫైళ్లు వెళ్లే ఒక్క ఫోల్డర్ తప్ప మిగతా ఆఫీసు ఫైళ్లు దానికి అందకుండా చేయాలి.