ఓనర్ కోటీశ్వరుడైతే క్లబ్‌కి ఢోకా లేదా? అపోహలు - వాస్తవాలు

నేను విశాఖలో ఆడిటర్‌ని. స్పోర్ట్స్ క్లబ్బుల లెక్కలు ఏటా చూస్తుంటాను. మొన్న గాజువాక నుంచి ఒక తండ్రి వచ్చారు. కొడుకు గోల్‌కీపర్. వేరే రాష్ట్రంలో ఒక క్లబ్‌తో రెండేళ్ల కాంట్రాక్టు. మూడు నెలలుగా జీతం పడలేదు. "ఆ ఓనర్‌కి మూడు హోటళ్లున్నాయి ఆడిటర్ గారూ, డబ్బుకేం కొదవ?" అన్నారు. ఈ మాట వినీ వినీ విసుగొస్తోంది. ఆయన మీద కాదు, ఈ ప్రచారం పుట్టించేవాళ్ల మీద.

అపోహ: ఓనర్ దగ్గర డబ్బుంటే క్లబ్ దగ్గరున్నట్టే.

కాదు. క్లబ్ వేరే కంపెనీ. ఓనర్ వ్యక్తిగతంగా గ్యారంటీ సంతకం పెడితే తప్ప హోటళ్ల డబ్బు మీ అబ్బాయి జీతానికి రాదు. చూడాల్సింది ఆయన ఆస్తి కాదు, ఆయన డబ్బు క్లబ్‌లోకి ఏ రూపంలో వచ్చిందన్నది. వాటాగా పెడితే అంత తేలిగ్గా వెనక్కి తీసుకోలేడు. అప్పుగా ఇస్తే, చాలాసార్లు అడిగిన రోజే కట్టాలి. ఆ క్లబ్ బ్యాలెన్స్ షీట్ తీసి చూపించాను. వాటా ధనం లక్ష రూపాయలు. డైరెక్టర్ ఇచ్చిన అన్‌సెక్యూర్డ్ లోన్ రెండు కోట్ల పైన. ఆ తండ్రి ఆ పేజీని చాలాసేపు చూస్తూ ఉండిపోయారు.

పెద్ద క్లబ్బుల్లోనూ ఇదే కథ. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ చెల్సీని రష్యా కోటీశ్వరుడు అబ్రమోవిచ్ 2003లో కొన్నాడు. నష్టాలు పూడ్చడానికి అతను పోసిన డబ్బు 2022 నాటికి దాదాపు 150 కోట్ల పౌండ్ల అప్పుగా పేరుకుంది. ఆ ఏడాది మార్చి 10న బ్రిటన్ ప్రభుత్వం అతని మీద ఆంక్షలు పెట్టింది. మర్నాటికల్లా క్లబ్ కొత్త టికెట్లు అమ్మలేని, షాపు తెరవలేని పరిస్థితి వచ్చింది. బయట ఆడే మ్యాచ్‌కి ప్రయాణ ఖర్చు 20 వేల పౌండ్లు దాటకూడదన్నారు. అతను అప్పు వదులుకుంటానన్నాడు, 250 కోట్ల పౌండ్లకు కొనేవాళ్లు దొరికారు, క్లబ్ గట్టెక్కింది.

అందరికీ కొనేవాళ్లు దొరకరు. జియాంగ్సు 2020 నవంబర్‌లో చైనా లీగ్ గెలిచింది. యజమాని సునింగ్ అనే కంపెనీ అప్పుల్లో ఉంది. 2021 ఫిబ్రవరి 28న ఆ చాంపియన్ క్లబ్ మూతపడింది. మన హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతి ఇంకా బాధ. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ పెనాల్టీల్లో గెలిచిన రాత్రి మా ఇంట్లో పిల్లలు నిద్రపోలేదు. 2023-24 సీజన్‌కొచ్చేసరికి జీతాల బకాయిలు, ఆటగాళ్ల వలస. 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గెలుపు. 2025లో ఆ ఫ్రాంచైజీ ఢిల్లీకి వెళ్లిపోయింది.

ముందే పసిగట్టవచ్చు. క్లబ్ కంపెనీ అయితే కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ ఎంసీఏ పోర్టల్‌లో కొద్దిపాటి ఫీజుకి బ్యాలెన్స్ షీట్ దొరుకుతుంది. అక్కడే Index of Charges చూడండి, ఏయే ఆస్తులు తాకట్టులో ఉన్నాయో తెలుస్తుంది. ఆటగాడైతే తన పేరున జమైన పన్ను వివరాలుండే Form 26AS చూసుకోవాలి. జీతంలో కోసిన టీడీఎస్ అందులో పడలేదంటే, ఆ డబ్బుని క్లబ్ వేరే అవసరాలకి వాడుకుంటోందేమోనని అనుమానించాలి. జీతం ఆగడానికి ముందు నేను చూసిన మొదటి గుర్తు చాలాసార్లు ఇదే.

అపోహ: అభిమానుల క్లబ్ అయితే భయం లేదు.

ఓనర్ పారిపోడన్నది నిజమే. కానీ బార్సిలోనా సభ్యుల క్లబ్బే. అధ్యక్షుణ్ణి సభ్యులు ఓటేసి ఎన్నుకుంటారు కాబట్టి పోటీ చేసేవాళ్లు స్టార్ ఆటగాళ్లను తెస్తామని హామీలిస్తారు, బిల్లు తర్వాత వస్తుంది. 2021 ఆగస్టులో మెస్సీని నిలబెట్టుకోలేకపోయారు. అమ్ముకోవడానికి వాటాలు లేవు కాబట్టి మరుసటి ఏడాది లీగ్ టీవీ హక్కుల ఆదాయంలో పావు వంతుని 25 ఏళ్లకు అమ్మేశారు. జర్మనీలో సగానికి పైన ఒక ఓటు సభ్యుల చేతిలో ఉండాలన్న నిబంధన ఉంది. అది పెత్తనాన్ని కాపాడుతుంది, ఖర్చుని అదుపు చేయదు.

అపోహ: వెనక దేశమే ఉంటే ఇక తిరుగులేదు.

పారిస్ క్లబ్ పీఎస్‌జీ వెనక ఖతార్, ఇంగ్లండ్ క్లబ్ న్యూకాసిల్ వెనక సౌదీ ప్రభుత్వ పెట్టుబడి నిధి ఉన్నాయి. రేపు జీతాలు ఆగుతాయన్న భయం తక్కువే. ప్రమాదం వేరే చోటుంది. ఆ దేశం ప్రాధాన్యం మారితే ఆపడానికి సభ్యులకి ఓటు లేదు, షేర్ మార్కెట్‌లో ధర పడుతుందన్న లెక్కా లేదు. సొంత కంపెనీలే స్పాన్సర్లుగా వస్తే ఆ మొత్తం న్యాయమైనదేనా అని లీగులు తవ్వుతాయి.

గాజువాక పెద్దాయన దగ్గరికొస్తే, ఆయన ఫోన్‌లోనే అబ్బాయి 26AS తెరిచాం. ఆరు నెలల పే స్లిప్పుల్లో టీడీఎస్ కోత ఉంది, ఫారంలో ఒక్క రూపాయి లేదు. రెండు నెలల జీతం బకాయి పడితే, 15 రోజుల గడువుతో నోటీసిచ్చి కాంట్రాక్టు రద్దు చేసుకునే వీలు ఫిఫా నిబంధనల్లో ఉంది. తెలిసిన లాయర్ చేత ఆ సాయంత్రమే నోటీసు రాయించాం. గడువు వచ్చే మంగళవారంతో ముగుస్తుంది.