ధర గీత చూపని రాబడి: డివిడెండ్లు లెక్కలోకి రావడానికి పట్టిన కాలం

2010 అక్టోబరులో కోల్ ఇండియా పబ్లిక్ ఇష్యూకు వచ్చినప్పుడు షేరు ధరను 245 రూపాయలుగా ఖరారు చేశారు. చిన్న మదుపరులకు అందులో 5 శాతం తగ్గింపు ఇచ్చారు. 2023 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం తన వాటాలో కొంత భాగాన్ని స్టాక్ ఎక్స్ఛేంజీ ద్వారా అమ్మినప్పుడు కనీస ధరను 225 రూపాయలుగా నిర్ణయించింది. ఈ రెండు తేదీల మధ్య ధరల చార్టును మాత్రమే చూసిన వారెవరైనా పన్నెండున్నరేళ్లు ఓపిక పట్టిన మదుపరికి షేరుకు 20 రూపాయల నష్టం మిగిలిందనే అంటారు. అయితే అదే కాలంలో ఆ కంపెనీ ఒక్కో షేరుపై చెల్లించిన డివిడెండ్లన్నీ కూడితే 200 రూపాయలు దాటుతాయి. 2014 జనవరిలో ప్రకటించిన ఒక్క మధ్యంతర డివిడెండే షేరుకు 29 రూపాయలు. కాబట్టి నష్టం అన్నది చార్టులో ఉందే తప్ప వాటాదారు చేతికి వచ్చిన మొత్తంలో లేదు.

ఈ తేడాకు కారణం డివిడెండ్ చెల్లింపు జరిగే తీరులోనే ఉంది. కంపెనీ ఖజానాలోని నగదు వాటాదారు బ్యాంకు ఖాతాలోకి వెళ్లినప్పుడు కంపెనీ విలువ ఆ మేరకు తగ్గుతుంది. అందుకే ఎక్స్-డివిడెండ్ తేదీన, అంటే కొత్తగా కొనేవారికి ఆ డివిడెండ్‌పై హక్కు లేకుండా పోయే రోజున, మిగతా పరిస్థితులు మారకపోతే షేరు ధర సుమారు డివిడెండ్ మేరకు దిగి మొదలవుతుంది. చార్టు ఈ దిగుదలను పడిపోవడంగానే నమోదు చేస్తుంది, ఖాతాలో పడిన సొమ్మును మాత్రం ఎక్కడా నమోదు చేయదు. ఏటా భారీగా డివిడెండ్లు పంచే కంపెనీ చార్టులో ఇలాంటి మెట్లు పేరుకుపోయి, చివరికి ఆ కంపెనీ ఎదుగుబొదుగూ లేనిదిగా కనిపిస్తుంది.

ధరను మాత్రమే చూసే అలవాటు సూచీలతోపాటే పుట్టింది. 1896 మే నెలలో అమెరికా పాత్రికేయుడు చార్లెస్ డౌ తన పారిశ్రామిక సగటును ప్రచురించినప్పుడు పన్నెండు కంపెనీల షేర్ల ధరలు కూడి పన్నెండుతో భాగించారు. రోజూ చేతితో లెక్కగట్టి పత్రికలో వేయడానికి అంతకన్నా సులువైన పద్ధతి లేదు, ఆనాటి మార్కెట్ నాడి తెలుసుకోవడానికి అది సరిపోయింది కూడా. కానీ ఒక్కరోజు కదలికను చూపడానికి పుట్టిన కొలతను దశాబ్దాల రాబడికి కొలతగా వాడటం మొదలయ్యాక పొరపాటు పెరుగుతూ వచ్చింది. 1929 సెప్టెంబరులో 381 వద్ద ఉన్న డౌ సూచీ మళ్లీ ఆ స్థాయిని అందుకున్నది 1954 నవంబరులో. దీన్నిబట్టి 1929 మదుపరి పాతికేళ్ల పాటు ఏమీ సంపాదించలేదని నేటికీ రాసేవారున్నారు. ఆ పాతికేళ్లలో వచ్చిన డివిడెండ్లు ఆ వాక్యంలో లేవు.

ఈ లోపాన్ని పెద్దఎత్తున సరిదిద్దే ప్రయత్నం 1938లో అమెరికా ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ కౌల్స్ చేశారు. 1871 నుంచి అమెరికా షేర్లలో డబ్బు పెట్టిన సగటు మదుపరి అనుభవం ఎలా ఉండేదో చూపడానికి ఆయన బృందం ధరల సూచీతోపాటు, డివిడెండ్లను తిరిగి పెట్టుబడి పెడితే విలువ ఎలా పెరిగేదో చూపే సూచీని కూడా తయారుచేసింది. తర్వాత 1960లో, దీర్ఘకాలంలో షేర్లపై నిజంగా ఎంత వచ్చిందన్న ప్రశ్నకు జవాబు కావాలని మెరిల్ లించ్ సంస్థ నిధులివ్వడంతో షికాగో విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధన కేంద్రం ఏర్పడింది. న్యూయార్క్ ఎక్స్ఛేంజీలో 1926 నుంచి నమోదైన సాధారణ షేర్ల నెలవారీ ధరలను, డివిడెండ్లను, విభజనలను అక్కడ కంప్యూటర్‌కెక్కించారు. జేమ్స్ లోరీ, లారెన్స్ ఫిషర్ 1964లో ప్రకటించిన ఫలితం ప్రకారం 1926 నుంచి 1960 వరకు, డివిడెండ్లను తిరిగి పెట్టుబడి పెట్టి, పన్ను లేదనుకుంటే, రాబడి ఏటా సుమారు 9 శాతం చక్రవృద్ధి. 1929 పతనం, మహా మాంద్యం కూడా ఆ లెక్కలో కలిసే ఉన్నాయి.

మన దేశంలో ఈ చర్చ ఆచరణగా మారింది 2018లో. మ్యూచువల్ ఫండ్ పథకానికి తన షేర్లపై వచ్చే డివిడెండ్లు పథకం ఆస్తుల్లోకే చేరతాయి కనుక పథకం యూనిట్ విలువ అయిన ఎన్‌ఏవీలో అవి కలిసే ఉంటాయి. కానీ అంతకుముందు పథకాల పనితీరును డివిడెండ్లు లేని ధరల సూచీతో పోల్చేవారు. ధరల నిఫ్టీ ఏటా 10 శాతం పెరిగిందని, దాని డివిడెండ్ రాబడి 1.3 శాతమని, ఫండ్ 10.8 శాతం ఇచ్చిందని అనుకుందాం. ధరల సూచీ పక్కన ఆ ఫండ్ గెలిచినట్టు కనిపిస్తుంది, డివిడెండ్లు కలిపిన 11.3 శాతం పక్కన పెడితే ఓడినట్టు తేలుతుంది. ఈ పోలిక అన్యాయమన్నది స్పష్టం, ఎందుకంటే ఫండ్ మేనేజర్ నైపుణ్యంతో సంబంధం లేని సొమ్మును ఆయన ఖాతాలో వేసి, దానికి మదుపరి చేత రుసుము కట్టించినట్టే అవుతుంది. 2018 ఫిబ్రవరి 1 నుంచి పథకాలన్నీ డివిడెండ్లు కూడా కలిపి లెక్కించే టోటల్ రిటర్న్ సూచీతోనే పోల్చుకోవాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆదేశించింది.

ఆ 1.3 శాతం చిన్నదే కదా అనిపించవచ్చు. పై ఊహనే పాతికేళ్లకు పొడిగించి చూద్దాం. లక్ష రూపాయలు ధరల పెరుగుదల వల్ల మాత్రమే 10.83 లక్షలవుతాయి. డివిడెండ్లను ఏటా ఖర్చు పెట్టుకున్నవారికి దానికి అదనంగా సుమారు 1.28 లక్షల నగదు అంది మొత్తం 12.11 లక్షలు వస్తాయి. ఏటా వచ్చినదానితో వెంటనే అవే షేర్లు కొన్నవారి దగ్గర 14.53 లక్షలుంటాయి. అంటే డివిడెండ్లు తెచ్చినదానికన్నా, ఆ డివిడెండ్లతో కొన్న షేర్లు పెరగడం వల్ల వచ్చినది ఎక్కువ: దాదాపు 2.42 లక్షలు. ధర పడి ఉన్నప్పుడు ఈ కొనుగోలు మరింత పని చేస్తుంది. 2020 నవంబరులో కోల్ ఇండియా 7.50 రూపాయలు ప్రకటించినప్పుడు 100 షేర్లున్నవారికి 750 రూపాయలు వచ్చాయి. షేరు 125కు దొరికితే దానితో ఆరు షేర్లు కొనవచ్చు, 250కి దొరికితే మూడే.

టోటల్ రిటర్న్ లెక్కకూ హద్దులున్నాయి, వాటిని దాచిపెట్టడం కూడా మదుపరిని తప్పుదారి పట్టించడమే. డివిడెండ్ పూర్తిగా, ఎక్స్-డివిడెండ్ రోజునే, బ్రోకరేజీ లేకుండా తిరిగి పెట్టుబడి అయిందని అది భావిస్తుంది. వాస్తవంలో సొమ్ము ఖాతాకు చేరడానికి కొన్ని వారాలు పడుతుంది, దానితో ఒక్క పూర్తి షేరు కూడా రాకపోవచ్చు. అన్నిటికన్నా పన్ను ముఖ్యం. 2020 ఏప్రిల్ వరకు డివిడెండ్ పంపిణీ పన్నును కంపెనీయే కట్టేది. ఆ తర్వాత డివిడెండ్ మదుపరి ఆదాయంలో కలిసి వారి శ్లాబు ప్రకారం పన్ను పడుతోంది. 30 శాతం శ్లాబులో ఉన్నవారికి పైన చెప్పిన 1.3లో, సెస్సు లెక్కించకముందే, మిగిలేది 0.91 శాతం. అప్పుడు పాతికేళ్ల 14.53 లక్షలు సుమారు 13.3 లక్షలకు తగ్గుతాయి. అయినా అది ధర గీత చెప్పే 10.83 కన్నా చాలా పైనే ఉంది.

చూస్తున్న చార్టు ఏ రకమో తేల్చుకోవడానికి పాత ధరలే ఆధారం. చాలా చార్టులు బోనస్‌లకు, విభజనలకు సర్దుబాటు చేస్తాయి కానీ డివిడెండ్లకు చేయవు. కోల్ ఇండియాలో బోనస్ గానీ విభజన గానీ జరగలేదు కనుక తనిఖీ సులువు. 2010 నవంబరులో షేరు ఇష్యూ ధరకు పైనే నమోదైంది. ఆ నెలలో చార్టు 245 కన్నా పైన చూపిస్తే అది ఉత్త ధర, అంతకన్నా బాగా కింద చూపిస్తే డివిడెండ్లను వెనక్కి సర్దిన ధర. ఈ రెండో రకంలో పాత ధర ఆనాడు ఎవరూ కొనని అంకె అయినా, అక్కడి నుంచి నేటి ధరకు ఉన్న నిష్పత్తి పన్నుకు ముందు మదుపరి పొందిన మొత్తం రాబడికి దగ్గరగా ఉంటుంది.