మొదటి మైకు, మొదటి లైటు: ముందు దేనికి ఖర్చు పెట్టాలి? అపోహలు - వాస్తవాలు

బల్ల ముందు కూర్చుని, ఎదురుగా ఫోన్ నిలబెట్టి మాట్లాడే వీడియోనే తీసుకుందాం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లలో చాలామంది చేసేది ఇదే. ఫోన్ 120 సెంటీమీటర్ల దూరంలో ఉంది, పైన ఫ్యాన్ తిరుగుతోంది, సీలింగ్‌కు ఒక లైటు ఉంది. ఇలాంటి చోట వీడియోను ఎక్కువగా బాగుచేసేది నోటికి దగ్గరగా పెట్టే మైకు. దాని తర్వాత గదిలో మోత తగ్గించడం, ఆ తర్వాత ముఖం మీద మెత్తగా పడే ఒకే ఒక్క పెద్ద వెలుగు. కొత్త కెమెరా, రెండో లైటు ఈ వరుసలో బాగా కిందికి వస్తాయి. వెలుగు కాస్త తగ్గినా చూసేవాళ్లు సర్దుకుంటారు. మాట అర్థం కాకపోతే మాత్రం వీడియో ఆపేస్తారు.

అపోహ: మైకు ఎంత ఖరీదైనదైతే గొంతు అంత బాగా వస్తుంది.

వాస్తవం: మైకు ఖరీదు కంటే నోటికి, మైకుకు మధ్య దూరమే ఎక్కువ తేడా తెస్తుంది. దూరం సగానికి తగ్గిస్తే మైకుకు చేరే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. ఫోన్ 120 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, కాలర్ మైకు 20 సెంటీమీటర్లలో ఉంటుంది. అంటే ఆరో వంతు దూరం. గొంతు దాదాపు 15 డెసిబెల్స్ పెరుగుతుంది. గోడలకు తగిలి తిరిగొచ్చే మోత, ఫ్యాన్ హోరు మాత్రం రెండు చోట్లా ఇంచుమించు అంతే ఉంటాయి. ఇప్పుడు రికార్డింగ్ స్థాయిని ఆ 15 డెసిబెల్స్ మేర తగ్గిస్తే గొంతు పాత స్థాయిలోనే ఉంటుంది, హోరు మాత్రం వెనక్కి పోతుంది. ఖరీదైన మైకును కెమెరా మీద పెట్టి మీటరున్నర దూరం నుంచి మాట్లాడితే ఈ లాభం రాదు. అప్పుడది గొంతుతో పాటు గదిని కూడా వింటుంది.

అందుకే మొదటి కొనుగోలు వైరున్న కాలర్ మైకు. వైర్‌లెస్ సెట్లు సౌకర్యమే, కానీ ఛార్జింగ్ చూసుకోవాలి, సిగ్నల్ తెగకుండా చూసుకోవాలి. కదలకుండా కూర్చుని మాట్లాడేవారికి ఆ సౌకర్యంతో పెద్దగా పని లేదు. వైరు పొడవు మాత్రం సరిచూసుకోండి. ఫోన్ నుంచి కిందికి దిగి, బల్ల కింద నుంచి పైకి రావాలి కాబట్టి 2 మీటర్లకు తగ్గితే ఇబ్బంది.

గడ్డం కింద ఒక జానెడు దూరంలో, చొక్కా మధ్యలో క్లిప్పు పెట్టండి. క్లిప్పు దగ్గర వైరును చిన్న ముడిలా ఒక చుట్టు తిప్పి వదిలితే, వైరు లాగినప్పుడు వచ్చే టకటక మైకు దాకా పోదు. గొలుసు కానీ బట్ట అంచు కానీ మైకుకు రాసుకుంటే గరగర శబ్దం వస్తుంది. అది తర్వాత ఏ ఎడిటింగ్‌లోనూ శుభ్రంగా పోదు.

అపోహ: మైకు పిన్ను గుచ్చితే చాలు, ఫోన్ దాన్నే వాడుకుంటుంది.

వాస్తవం: ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే. కొత్త మైకు పెట్టినా తేడా ఏమీ రాలేదంటే, చాలాసార్లు ఆ మైకు అసలు పని చేయడం లేదని అర్థం. ఫోన్ ఏమీ చెప్పకుండా తన సొంత మైకుతోనే రికార్డు చేస్తూ పోతుంది.

పిన్నును దగ్గరగా చూడండి. మూడు నల్ల గీతలుంటే అది ఫోన్ రకం, దాన్నే టీఆర్ఆర్ఎస్ అంటారు. రెండే గీతలుంటే కెమెరా రకం, టీఆర్ఎస్. రెండు గీతల పిన్నును నేరుగా ఫోన్‌కు పెడితే, ఫోన్ దాన్ని మైకు లేని ఇయర్‌ఫోన్ అనుకుంటుంది. ఒక రకం నుంచి ఇంకో రకానికి మార్చే చిన్న అడాప్టర్ వేరే దొరుకుతుంది. గుండ్రటి జాక్ లేని ఫోన్ అయితే యూఎస్‌బీ-సీ మైకు నేరుగా కొనడం తేలిక. అడాప్టరే కొనాలంటే అందులో డిజిటల్ సిగ్నల్‌ను శబ్దపు సిగ్నల్‌గా మార్చే డాక్ చిప్ ఉందా, మైక్ ఇన్‌పుట్ ఉందా అని రెండూ అడగండి. పాటలు వినడానికి మాత్రమే పనికొచ్చే అడాప్టర్లు కూడా చూడటానికి అలాగే ఉంటాయి.

పరీక్ష నిమిషంలో అయిపోతుంది. రికార్డింగ్ మొదలుపెట్టి కాలర్ మైకు తలను గోటితో మెల్లగా గీకండి. తర్వాత ఫోన్ అడుగున, దాని సొంత మైకు దగ్గర గీకండి. వెనక్కి వేసి వినండి. ఏ గీకుడు గట్టిగా వినిపిస్తే ఆ మైకే పని చేస్తున్నట్టు. ఫోన్ మైకే గట్టిగా వినిపిస్తే ముందు కెమెరా యాప్ సెట్టింగుల్లో బయటి మైకును ఎంచుకునే వీలుందేమో చూడండి. కొన్ని యాప్‌లు బయటి మైకును అసలు పట్టించుకోవు. అప్పుడు దాన్ని వాడుకునే వేరే యాప్‌తో రికార్డు చేయాల్సిందే.

అపోహ: గోడలకు పలుచటి ఫోమ్ ముక్కలు అంటిస్తే బయటి శబ్దం రాదు.

వాస్తవం: బయటి శబ్దాన్ని ఫోమ్ ఆపలేదు. అది తగ్గించేది గదిలో తిరిగే మోతను, అదీ సన్నని స్వరాల వరకే. ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టి చూడండి. చప్పుడు ఆగాక కూడా ఠంగుమని తోకలా సాగితే గది ఖాళీగా ఉందని అర్థం. మందపాటి దుప్పట్లు రెండు మీ ఎదురుగోడకు, పక్కగోడకు వేలాడదీసి, నేల మీద ఒకటి పరిస్తే ఆ తోక చాలావరకు పోతుంది. దీనికి కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు.

అపోహ: లైటు ఎంత ప్రకాశంగా ఉంటే ముఖం అంత బాగుంటుంది.

వాస్తవం: ముఖం మీద నీడ గట్టిగా పడాలా మెత్తగా పడాలా అన్నది, ముఖం వైపు నుంచి చూస్తే వెలుగు ఎంత పెద్దగా కనిపిస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. అరచేతంత ఎల్‌ఈడీ ప్యానెల్ ఎంత ప్రకాశంగా వెలిగినా చిన్న వెలుగే. ముక్కు నీడ కత్తితో కోసినట్టు పడుతుంది, నుదురు మెరుస్తుంది. అదే ప్యానెల్ ముందు అడుగున్నర దూరంలో రెండడుగుల తెల్లని పలుచటి బట్ట కడితే, బట్ట మొత్తం వెలుగుతుంది. అప్పుడు వెలుగు వచ్చేది ప్యానెల్ నుంచి కాదు, ఆ బట్ట నుంచి. ప్యానెల్‌కు ఆనించి కడితే లాభం లేదు, అరచేతంత చోటే వెలుగుతుంది. ఎల్‌ఈడీకి ఇలా కట్టొచ్చు కానీ, వేడెక్కే బల్బు దగ్గర బట్ట పెట్టకండి.

బట్టను ముఖానికి 75 సెంటీమీటర్ల దూరంలో, ఒక పక్కగా 45 డిగ్రీల కోణంలో, కళ్ల కంటే కాస్త ఎత్తులో ఉంచండి. వెనక గోడ అదే వెలుగుకు 225 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, గోడ మీద పడేది ముఖం మీద పడే వెలుగులో సుమారు తొమ్మిదో వంతే. ముఖం వెలుగులో, గోడ నీడలో పడి, మనిషి గోడ నుంచి విడిగా కనిపిస్తాడు. రెండో వైపు మరీ చీకటిగా ఉంటే లైటు కొనక్కర్లేదు, తెల్లటి థర్మోకోల్ అట్ట ఒకటి నిలబెట్టండి. కళ్లద్దాలున్నవారు రింగ్ లైటు ఎదురుగా పెట్టుకుంటే అద్దాల్లో తెల్లని చక్రాలు పడతాయి. పక్క నుంచి వచ్చే వెలుగుతో ఆ బెడద తక్కువ.

ఎల్‌ఈడీ కొనేటప్పుడు పెట్టె మీద సీఆర్ఐ అంకె చూడండి, ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పేది అదే. 95 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నవి తీసుకోండి. బాగా తక్కువైతే ముఖంలో ఎరుపు చచ్చి, చర్మం పాలిపోయినట్టు పచ్చగా వస్తుంది.

అపోహ: గదిలో ఉన్న లైట్లన్నీ వేస్తే వెలుగు సరిపోతుంది.

వాస్తవం: కిటికీ వెలుగు నీలం వైపు, పసుపు బల్బు నారింజ వైపు లాగుతాయి. రెండూ ముఖం మీద పడితే ఒక చెంప ఒక రంగులో, ఇంకో చెంప ఇంకో రంగులో వస్తుంది. కెమెరా ఒక రంగుకు సరిచేస్తే రెండోది చెడుతుంది. అందుకే ఏదో ఒక్కటే ఉంచి మిగతావి ఆపేయండి. పగటిపూట షూట్ చేసేవారికి నేరుగా ఎండ పడని కిటికీ ఒక్కటే చాలు, లైటు కొనడం వాయిదా వేయొచ్చు.

వీడియోలో నల్లటి చారలు పాకితే కరెంటు ఫ్రీక్వెన్సీకి, షటర్ వేగానికి పొత్తు కుదరలేదన్నమాట. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్న చోట 1/50 లేదా 1/100, 60 హెర్ట్జ్ ఉన్న చోట 1/60 లేదా 1/120 పెట్టండి. లైటు వెలుగు తగ్గించినప్పుడు మాత్రమే చారలు వస్తుంటే తప్పు ఆ లైటు డిమ్మర్‌ది. దాన్ని పూర్తి వెలుగులోనే ఉంచి, ముందు ఇంకో పొర బట్ట కట్టండి.