‘లైట్ పని’ ఎవరికి లైట్? అరవై దాటి పెన్షన్ లేనివాళ్ల పని వెనకున్న పాత కథ

మా మావయ్యకి 66. జీవితమంతా చిన్న చిన్న వర్క్‌షాపుల్లో లేత్ మెషిన్ మీదే గడిచింది, ఒకటి మూతపడితే ఇంకోటి, అలా తిరుగుతూ ఎక్కడా పెన్షన్ లెక్కకి వచ్చేంత సర్వీసు పడలేదు. పోయినేడాది ఎవరో నైట్ వాచ్‌మన్ పని చూపించారు. “కూర్చునే పనేగా రా, మెషిన్ ముందు నిలబడ్డవాడికి ఇదో లెక్కా” అన్నాడు. రెండు నెలలకే చీలమండలు ఉబ్బి చెప్పులు పట్టని స్థితి వచ్చింది. పగలు నిద్ర పట్టదు, రాత్రి కునుకు ఆగదు.

అప్పట్నుంచీ నాకు ఈ ‘లైట్ పని’ అనే మాట మీద అనుమానం. తవ్వుకుంటూ పోతే తేలింది ఏంటంటే, ఈ మాటని చాలాకాలం వాడింది పని ఇప్పించేవాళ్లే, చేసే ఒంటిని అడిగి ఎవరూ పెట్టలేదు.

ఇంగ్లండ్‌లో 1834 పేదల చట్టం తర్వాత వచ్చిన వర్క్‌హౌస్‌లు చూడండి. తిండికి గతిలేనివాళ్లని అక్కడ పెట్టుకుని పని చేయించేవాళ్లు, బండ పనికి పనికిరాని ముసలివాళ్లకి ఇచ్చే పనుల్లో ఒకటి పాత ఓడతాళ్లు విప్పడం. తారు పట్టి గట్టిపడిపోయిన తాడుని వేళ్లతో పోగు పోగుగా పీకాలి, ఆ పీచుని ఓడ చెక్కల సందుల్లో కూరడానికి అమ్మేవాళ్లు. బరువు మోసేది లేదు, కూర్చునే చేసేది, కాబట్టి కాగితం మీద లైట్ పనే. గోళ్లు చిట్లి వేళ్లు రక్తాలు కారేవి. కీళ్లవాతం ఉన్న చేతికి అంతకంటే బరువు పని ఇంకోటి ఉంటుందా అసలు.

తర్వాత పెన్షన్లు వచ్చాయి, కానీ వాటికీ మొదట్నుంచీ ఒక గీత ఉంది. జర్మనీలో బిస్మార్క్ హయాంలో 1889లో చట్టం వచ్చింది, వయసు 70 (65 అని చాలామంది రాస్తారు, అది 1916లో తగ్గించింది), చందా కట్టిన కార్మికులకే. బ్రిటన్ 1908లో చందా లేకుండా ఇచ్చింది, వారానికి 5 షిల్లింగులు, అదీ 70 దాటిన పేదవాళ్లకి, అందులోనూ ఓపిక ఉండి అలవాటుగా పని ఎగ్గొట్టినవాడు అనిపిస్తే ఇవ్వక్కర్లేదని ఒక షరతు. అమెరికా 1935లో సోషల్ సెక్యూరిటీ పెడితే పొలం పనివాళ్లు, ఇళ్లలో పనిచేసేవాళ్లు, సొంత పని చేసుకునేవాళ్లు బయటే ఉన్నారు, 1950ల్లో గానీ వాళ్లని లోపలికి తీసుకోవడం మొదలవలేదు. అంటే పెన్షన్ పుట్టిందే ఒకచోట కుదురుగా, లెక్కల్లో కనిపించేలా జీతం తీసుకున్నవాళ్ల చుట్టూ. మావయ్యలాగా చోట్లు మారినవాళ్లు, ఇంట్లో కుట్లు కుట్టినవాళ్లు, పిల్లల్ని ముసలివాళ్లని చూసుకుంటూ ఏళ్లు గడిపిన ఆడవాళ్లు ఎక్కడైనా ఆ గీత అవతలే పడ్డారు. వాళ్లకి అరవై దాటాక మిగిలింది మళ్లీ ఆ లైట్ పనే.

ఈ కథలో నాకు బాగా నచ్చే మలుపు జపాన్‌లో వచ్చింది. 1975లో టోక్యోలో ముసలివాళ్ల కోసం ఒక సంఘం మొదలైంది, దాని వెనక ఒకోచి కజువో అనే ఆర్థికశాస్త్రవేత్త ఉన్నాడు. 1980 నుంచి దేశమంతా సర్కారు సాయం వచ్చింది, 1986లో చట్టంలోకి ఎక్కింది. వీటినే సిల్వర్ సెంటర్లు అంటారు. అరవై దాటినవాళ్లు మెంబర్లుగా చేరతారు, ఊళ్లోని ఇళ్లు, ఆఫీసులు సెంటర్‌కి పని చెప్తాయి, తోట పని, కవర్ల మీద అడ్రసులు రాయడం, చిన్న రిపేర్లు, సైకిల్ స్టాండ్ చూసుకోవడం లాంటివి, సెంటర్ ఆ పనిని మెంబర్లకి పంచుతుంది. ఇక్కడ అసలు విశేషం లైట్ అంటే ఏంటో గంటల్లో చెప్పడం. మామూలుగా నెలకి పది రోజులు, లేదా వారానికి ఇరవై గంటలు, అంతకంటే ఇవ్వకూడదు. ఇది బరువు లెక్క కాదు, టైమ్ లెక్క. ఒకే పనిని ఇద్దరు ముగ్గురు పంచుకుంటారు కాబట్టి ఒకరికి ఒంట్లో బాగోకపోతే ఇంకొకరు వెళ్తారు. మావయ్య వాచ్‌మన్ డ్యూటీ పన్నెండు గంటలు, వారానికి ఆరు రోజులు, మొత్తం 72 గంటలు, ఆ ఇరవైకి మూడున్నర రెట్లు పైనే!

అయితే అక్కడా లొసుగులున్నాయి. మెంబర్‌కి వచ్చేది జీతం కాదు, పని డబ్బులో వాటా, అందుకని అతను ఉద్యోగి కిందకి రాడు, ఉద్యోగి కాదు కాబట్టి పనిలో దెబ్బ తగిలితే కార్మికుల బీమా మామూలుగా వర్తించదు, సెంటర్ తీసుకునే ప్రైవేట్ ఇన్సూరెన్సే దిక్కు. దెబ్బలు మాత్రం తగులుతాయి, చెట్ల కొమ్మలు కొట్టేటప్పుడు నిచ్చెన మీంచి పడటం, గడ్డి కోసే మెషిన్ కింద రాయి ఎగిరి తగలడం లాంటివి. ఇంకోటి, ఈ సెంటర్లు పెట్టింది ఎంతో కొంత పెన్షన్ ఉన్నవాళ్లకి తోడు ఆదాయంగా, మనసుకి వ్యాపకంగా. వారానికి ఇరవై గంటల వాటాతో మొత్తం ఇల్లు గడవాలంటే కష్టం. 2016లో చట్టం మార్చి కొన్ని రకాల పనుల్లో నలభై గంటల దాకా ఒప్పుకోవడానికి దారి తెరిచారు. ఆదాయం చాలకపోతే గంటలు పెరుగుతాయి, గంటలు పెరిగాక అది లైట్ పని కాదు, ఈ ముడి ఇంకా ఎవరూ పూర్తిగా విప్పలేదు.

ఇంకోపక్క శాస్త్రం వాళ్లు ఒంటినే కొలిచి చూశారు. వీళ్ల కొలత పేరు మెట్. ఊరికే కూర్చుంటే ఒంటికి ఖర్చయ్యే శక్తి ఒక మెట్. మెల్లగా నడిస్తే రెండు పైచిలుకు, ఊడవడం తుడవడం మూడు పైన, బరువులు ఎత్తి సర్దడం నాలుగైదు. ఒక మనిషి తన గరిష్ఠ శక్తిలో మూడో వంతు దాకా అయితే ఎనిమిది గంటలు ఈడ్చగలడు, అది దాటితే అలసట రోజు రోజుకీ పేరుకుంటుంది అనేది ఈ ఫీల్డ్‌లో పాత లెక్క. గరిష్ఠం మాత్రం వయసుతో తగ్గుతూ పోతుంది, పదేళ్లకి సుమారు పది శాతం. కాబట్టి నలభైలో లైట్‌గా ఉన్న పనే అరవై ఐదులో అదే మనిషికి బరువవుతుంది, పని మారలేదు, ఆ మూడో వంతు గీతే కిందకి జారింది.

మావయ్యకి ట్రెడ్‌మిల్ టెస్ట్‌లో ఆరు మెట్ల దగ్గర ఆపేశారు. ఆరులో మూడో వంతు రెండు. దీంతో ఆయన ముందున్న మూడు పనులూ కొలిచి చూశాం. పార్సిల్ గోడౌన్‌లో సార్టింగ్, రోజుకి ఐదు గంటలే, కానీ నాలుగు మెట్లు, అంటే ఆయన శక్తిలో మూడింట రెండొంతులు, గంటలు తక్కువైనా సరే అది ఆయనకి కుదరదు. వాచ్‌మన్ పని ఒకటిన్నర మెట్లు, శక్తి లెక్కలో హాయిగా పాస్. మరి కాళ్లెందుకు ఉబ్బాయి? పన్నెండు గంటలు కాళ్లు కిందకి వేలాడేసి కూర్చోవడం, పైగా ఆయన వాడే బీపీ మాత్రకి కాళ్ల వాపు ఎలాగూ ఒక సైడ్ ఎఫెక్ట్, దానికి తోడు రాత్రి మేలుకోవడం, వయసు పెరిగేకొద్దీ ఒళ్లు ఆ తిరగేసిన నిద్రకి సర్దుకోవడం కష్టం. మెట్ కొలతకి ఇవేవీ కనపడవు.

కనపడనిది ఇంకోటి కూడా ఉంది. 1979లో రాబర్ట్ కారసెక్ అనే ఆయన ఒక పేపర్ రాశాడు, పనిలో మనసు నలిగేది ఒత్తిడి ఎక్కువవడం ఒక్కదానివల్లే కాదు, ఒత్తిడి ఎక్కువుండి ఎలా చేయాలనే స్వేచ్ఛ తక్కువ ఉన్నప్పుడు అని. గోడౌన్ సార్టింగ్ సరిగ్గా ఆ కోవలోనే పడుతుంది, బెల్ట్ స్పీడు ఎవడి చేతిలోనో, బాత్రూమ్‌కి వెళ్లాలన్నా అడిగి వెళ్లాలి. ఇప్పుడు యాప్‌లో చేసే పనుల్లో కూడా టైమర్, రేటింగ్ అలాగే పనిచేస్తాయి, ఇంట్లో కుర్చీలో కూర్చుని చేసినా సరే. (ఇంట్లోంచి డేటా ఎంట్రీ అని ముందు డిపాజిట్ అడిగేవాళ్ల సంగతి వేరు, తర్వాత తప్పులున్నాయని పెనాల్టీ అంటారు, పని ఇచ్చేవాడు డబ్బు అడిగాడంటే అక్కడితో ఆపేయాలి.)

మూడో పని పాత పరిచయంతో దొరికింది. ఒక చిన్న వర్క్‌షాపులో తయారైన పార్టులు వెర్నియర్‌తో కొలిచి, సైజు తేడా ఉన్నవి పక్కన పెట్టడం. కూర్చుని చేసేది, రెండు మెట్ల లోపే, రోజుకి నాలుగు గంటలు, వారానికి నాలుగు రోజులు, పదహారు గంటలు. బేరం కూడా బానే కుదిరింది, నెల జీతం కాదు, పూటకింత అని, రాని పూటకి రాదు, వచ్చిన పూట ఎన్ని కొలవాలనే టార్గెట్ లేదు. మొదటి వారం కళ్లు లాగేశాయి, తల నొప్పి, అద్దాలు మార్చాలేమో అనుకున్నాం. తీరా చూస్తే లైటు చాలడం లేదు. అరవై ఏళ్ల కంటి లోపలికి ఇరవై ఏళ్ల కంటికి చేరే వెలుతురులో సుమారు మూడో వంతే చేరుతుంది, పాప చిన్నదవుతుంది, లెన్స్ పసుపెక్కుతుంది. టేబుల్ మీద ఒక మంచి లాంప్ పక్కనుంచి పడేలా పెట్టుకున్నాక తల నొప్పి పోయింది. ఆదాయం మాత్రం వాచ్‌మన్ జీతంలో సగం కంటే కొంచెమే ఎక్కువ, దాన్ని దాచి చెప్పను, మిగతాది పిల్లలు సర్దుతున్నారు, పిల్లలు లేనివాడికి ఈ లెక్క తేలదు.

ఇప్పుడు వర్క్‌షాపులో లోడు వెళ్లే రోజు “ఒక్క గంట ఉండండి, డబ్బాలు సర్దాలి” అని అడుగుతున్నారట. ఫిన్లాండ్‌లో 1981 నుంచి మునిసిపల్ ఉద్యోగుల్ని ఏళ్ల తరబడి గమనించి ఒక ప్రశ్నల పట్టీ తయారుచేశారు, అందులో మొదటి ప్రశ్న చాలా సింపుల్, నీ జీవితంలో నువ్వు బాగా పనిచేయగలిగిన రోజులకి పది మార్కులైతే ఇప్పటికి ఎన్ని ఇస్తావు అని. మొన్న మావయ్యని అదే అడిగా. కాసేపు ఆలోచించి “నైట్ డ్యూటీలో ఉన్నప్పుడు మూడు, ఇప్పుడు ఆరు, లోడు రోజు మాత్రం నాలుగు వెయ్యి” అన్నాడు. “మరి డబ్బాలు సర్దనని చెప్పలేదా?” అంటే “వచ్చేవారం చెప్తా లేరా” అని వెర్నియర్ తుడుచుకోవడం మొదలుపెట్టాడు.